అతికించిన ముఖం చుట్టూ ఒక పక్క తెల్ల గీత, ఇంకో పక్క నల్ల గీత

స్టూడియో_శీను
కుటుంబ ఫోటో ఒకటి ఆర్డరు వచ్చింది. పోయిన పెద్దాయనను మధ్య కుర్చీలో కూర్చున్నట్టు చూపించాలి. ఆయన ఒడ్డూ పొడుగూ ఉన్న తమ్ముణ్ణి కూర్చోబెట్టి ఫోటో తీశాం, ఇప్పుడు తల మార్చాలి. వాళ్ల దగ్గర ఉన్న మంచి ఫోటో ఒక్కటే: ఏదో శుభకార్యంలో మనవడు ఫోనుతో తీసింది. అందులో పెద్దాయన తలకు ఎడమ పక్క ఎండ పడుతున్న సున్నం గోడ, కుడి పక్క తలుపు తీసి ఉన్న చీకటి గది. మా స్టూడియో తెర బూడిద రంగు, మరీ ముదురూ కాదు, మరీ లేతా కాదు.

ఫోటోషాప్‌లో పెన్ టూల్‌తో జాగ్రత్తగానే కట్ చేశాను. అతికించాక చూస్తే ఎడమ చెంప వెంట తెల్ల దారం అంటించినట్టు ఉంది. కుడి చెవి వెంట కాటుక గీత. డీఫ్రింజ్ వాడమంటారు, సెలక్షన్ లోపలికి కుదించమంటారు. రెండిట్లో ఏది? రెండు పక్కలా ఒకే మందు పని చేస్తుందా?

కుంచె_కిరణ్
ఇందులో ఇంత ఆలోచన ఎందుకు? ఫెదర్ 2 పెట్టండి, ఆ తర్వాత డీఫ్రింజ్ 3. అయిపోయింది. నేను రోజూ చేసే పనే.

బందరు_బొమ్మలు
ఫెదర్ పెడితే గీత పోదు, వెడల్పవుతుంది. ఇప్పుడు దారంలా ఉన్నది అప్పుడు పొగలా కనిపిస్తుంది.

భక్తి_ఫ్లెక్స్
ముఖం చుట్టూ వెలుగు బాగా రావాలంటే లేయర్ స్టైల్‌లో Outer Glow తీసుకోండి. రంగు లేత పసుపు, బ్లెండ్ మోడ్ Screen, సైజు ముఖాన్ని బట్టి పెంచుకోండి. మేము స్వామివారి ఫ్లెక్సులకు అలాగే చేస్తాం, చాలా నిండుగా వస్తుంది.

బందరు_బొమ్మలు
అయ్యా, ఆయన వెలుగు తీసేయమంటున్నారు. పెద్దాయన ఇంకా అంత దేవుడు కాలేదు.

భక్తి_ఫ్లెక్స్
పోయినవాళ్లందరూ దేవుళ్లే కదండీ. సరే, నేను ప్రశ్న పూర్తిగా చదవలేదు.

పిక్సెల్_పద్మ
శీను గారూ, మీ ఫోటోలో రెండు వేర్వేరు జబ్బులు ఉండవచ్చు. మందు వేసే ముందు ఒక పరీక్ష చేయండి. కట్ చేసిన ముఖం కింద రంగు నింపిన లేయర్ ఒకటి పెట్టి, దాన్ని ఒకసారి పూర్తి నలుపు చేయండి, ఒకసారి పూర్తి తెలుపు. నలుపు మీద తెల్ల గీత ఎక్కడెక్కడ ఉందో బయటపడుతుంది, తెలుపు మీద నల్ల గీత. బూడిద రంగు మీద రెండూ సగం సగం దాక్కుంటాయి, అందుకే ఎంత పోయిందో, ఎంత మిగిలిందో తెలియదు.

గీత ఎలా పుడుతుందో కూడా చూడండి. చెంప రంగు సుమారు 180, 130, 100 అనుకుందాం. గోడ రంగు 240, 240, 235. అంచున ఉన్న పిక్సెల్‌లో సగం చెంప, సగం గోడ పడతాయి. కెమెరా ఆ రెండిటినీ కలిపి 210, 185, 168 అని ఒకే రంగు రాస్తుంది. మీరు పెన్ టూల్‌తో కట్ చేసినప్పుడు ఆ పిక్సెల్ సగం పారదర్శకం అవుతుంది, కానీ దాని రంగు మారదు. గోడను వదిలేశారు గానీ గోడ రంగు మీతోనే వచ్చింది. కుడి పక్క కూడా ఇదే కథ, అక్కడ చీకటి వచ్చింది.

డీఫ్రింజ్ చేసేది ఇక్కడే. ఆ 210, 185, 168ను తీసేసి, కొంచెం లోపల ఉన్న శుభ్రమైన చెంప రంగును దాని స్థానంలో పెడుతుంది. పారదర్శకతను ముట్టుకోదు, కాబట్టి ముఖం ఆకారం ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. సెలక్షన్ కుదించడం దీనికి పూర్తిగా వ్యతిరేకం: రంగు జోలికి పోదు, చెడిపోయిన అంచునే కోసి పారేస్తుంది. కాబట్టి ఏది అనే ప్రశ్నకు జవాబు, మీ అంచు ఎంత లోతుకు చెడింది అన్నదాన్ని బట్టి.

కుంచె_కిరణ్
నేను చెప్పిన డీఫ్రింజ్ 3 కూడా అదే కదా.

పిక్సెల్_పద్మ
డీఫ్రింజ్ సరే, 3 ఎందుకు? సంఖ్య పెరిగిన కొద్దీ ఇంకా లోపలి రంగును అంచు వరకూ లాగుతుంది. నున్నటి చెంప మీద చెల్లుతుంది. మాసిన గడ్డం ఉన్న దవడ మీద 3 పెట్టి పెద్దది చేసి చూడండి, అంచు వెంట అడ్డంగా గీకినట్టు చారలు కనిపిస్తాయి. చెవి తమ్మె దగ్గరయితే ఎర్రదనం బయటికి సాగుతుంది. 1తో మొదలుపెట్టి, చాలకపోతే 2. అంతకు మించి అవసరపడిందంటే జబ్బు డీఫ్రింజ్‌ది కాదని నా లెక్క.

కుంచె_కిరణ్
నా కస్టమర్లు ఎవరూ ఫోటోను అంత పెద్దది చేసి చూడరు.

స్టూడియో_శీను
పద్మ గారూ, నలుపు తెలుపు పరీక్ష చేశాను. తెల్ల గీత ఎడమ కణత నుంచి దవడ దాకా ఉంది, సుమారు రెండు పిక్సెళ్లు. నల్ల గీత కుడి చెవి, దాని కింద మెడ. తీరా Layer > Matting దగ్గరికి వెళితే Defringe మసకగా ఉంది, నొక్కనివ్వడం లేదు.

నెల్లూరు_నెగటివ్
లేయర్ స్మార్ట్ ఆబ్జెక్ట్ అయి ఉంటుంది. ముందు Rasterize చేయండి.

పిక్సెల్_పద్మ
లేదా మాస్క్ పెట్టి ఉంటారు. డీఫ్రింజ్ చూసేది లేయర్ సొంత పారదర్శకతను, మాస్క్‌ను కాదు. అసలు లేయర్‌ను అలాగే ఉంచి Ctrl+Jతో నకలు తీయండి. ఆ నకలు మీద మాస్క్‌పై కుడి నొక్కు నొక్కి Apply Layer Mask ఇవ్వండి. అప్పుడు మెనూ తెరుచుకుంటుంది. పాతది మాత్రం చెరపవద్దు, దాని కన్ను మూసి ఉంచండి. డీఫ్రింజ్ చేశాక ఆ పిక్సెళ్ల పాత రంగు తిరిగి రాదు.

స్టూడియో_శీను
రెండూ ఉన్నాయి, స్మార్ట్ ఆబ్జెక్టూ, మాస్కూ. ఇప్పుడు తెరుచుకుంది. అదే మెనూలో Remove White Matte, Remove Black Matte అని ఉన్నాయి. ఎడమకు అది, కుడికి ఇది అని వాడవచ్చా?

నెల్లూరు_నెగటివ్
పేర్లు చూసి మోసపోవద్దు. అవి అచ్చ తెలుపు మీద, అచ్చ నలుపు మీద కట్ చేసిన బొమ్మలకు. కంపెనీ ముద్రలు, క్లిప్ ఆర్ట్ లాంటివి తెల్ల కాగితం మీద నుంచి తీసినప్పుడు అద్భుతంగా పని చేస్తాయి. మీది ఎండ పడిన సున్నం గోడ, పసుపు కలిసిన తెలుపు. పైగా ఆ కమాండు లేయర్ మొత్తం మీద పడుతుంది. ఎడమ కోసం తెలుపు తీస్తే కుడి పక్క ఉన్న నల్ల గీత ఇంకా నల్లబడుతుంది.

తెనాలి_టచప్
ముందు కుదించి తర్వాత డీఫ్రింజా, ముందు డీఫ్రింజ్ చేసి తర్వాత కుదించాలా? మా దగ్గర పనిచేసే ఇద్దరు కుర్రవాళ్లు దీని మీద రోజూ కొట్టుకుంటారు.

పిక్సెల్_పద్మ
ముందు కుదించడమే. రెండు పిక్సెళ్ల గీతలో బయటి పిక్సెల్ దాదాపు గోడే, దాన్ని బాగుచేయడం దండగ, కోసేయాలి. లోపలిది సగం చెంప. కోశాక మిగిలిన ఆ ఒక్క దానికి డీఫ్రింజ్ 1 సరిపోతుంది. ముందు డీఫ్రింజ్ చేసి తర్వాత కుదిస్తే, కష్టపడి శుభ్రం చేసిన పిక్సెళ్లనే కోసి పారేస్తున్నట్టు.

కానీ శీను గారి ఫోటోలో చుట్టూ ఒకే కొలత పనికిరాదు. Select > Modify > Contract ఇస్తే తల మొత్తాన్ని ఒకేలా కుదిస్తుంది, నెత్తి మీద జుట్టు కూడా పోతుంది. అందుకే నేను మాస్క్ మీద పని చేస్తాను. అసలు లేయర్‌కు తిరిగి వెళ్లండి, మాస్క్ బొమ్మ మీద నొక్కి దాన్ని ఎంచుకోండి. లాసోతో ఎడమ చెంప అంచు ఒక్కదాన్నే చుట్టండి, ఆ లాసోకు 5 పిక్సెళ్ల ఫెదర్ పెట్టండి. ఇప్పుడు Filter > Other > Minimum తీసుకుని రేడియస్ 1 ఇవ్వండి. మాస్క్‌లో నలుపు ఒక పిక్సెల్ లోపలికి వస్తుంది, చెంప అంత మేరకు తగ్గుతుంది. లాసో బయట ఏదీ కదలదు. లాసోకు ఫెదర్ ఉండబట్టి కోసిన చోటుకూ కోయని చోటుకూ మధ్య మెట్టు కనిపించదు. ఇదే పని కుడి చెవి దగ్గర. నచ్చకపోతే మాస్క్ మీద తెల్ల బ్రష్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. అంతా కుదిరాక నకలు తీసి, మాస్క్ కలిపి, డీఫ్రింజ్ 1.

కిరణ్ గారూ, ఫెదర్ ఇక్కడ వాడింది లాసోకు, ముఖం అంచుకు కాదు. తేడా గమనించండి.

కుంచె_కిరణ్
గమనించాను. అయినా ఒక ముఖానికి ఇంత సమయం పెడితే పెళ్లి ఆల్బమ్‌లు ఎప్పుడు ఇస్తాం?

బందరు_బొమ్మలు
పెళ్లి ఆల్బమ్‌లో ముఖాలు ఎవరివి వాళ్లకే ఉంటాయి కదా, మార్చే పని ఎందుకు పడుతోంది మీకు?

ఉచిత_ఉపేంద్ర
నేను గింప్ వాడతాను. డీఫ్రింజ్ అనే పేరుతో కమాండు కనిపించలేదు. కుదించడం మాత్రం కుదిరింది: లేయర్ మీద Alpha to Selection, తర్వాత Select > Shrink 1, Ctrl+Iతో తలకిందులు చేసి Delete. రంగు సంగతి ఎలా?

పిక్సెల్_పద్మ
లేయర్‌కు పారదర్శకత తాళం వేయండి, గింప్‌లో దాన్ని Lock alpha channel అంటారు. ఆ తర్వాత పక్కనున్న చెంప రంగును తీసుకుని చిన్న మెత్తటి బ్రష్‌తో అంచు వెంట గీయండి. తాళం ఉంది కాబట్టి రంగు బయటికి పొంగదు, సగం పారదర్శకంగా ఉన్న పిక్సెల్ అలాగే ఉండి రంగు మాత్రం మారుతుంది. డీఫ్రింజ్ చేసేది కూడా ఇంచుమించు ఇదే, మీరు చేత్తో చేస్తున్నారు. నిజానికి చేతి పనే మెరుగు, ఎక్కడ ఏ రంగు పడాలో మీకు తెలుసు.

స్టూడియో_శీను
చెప్పినట్టే చేశాను. కుడి చెవి దగ్గర నల్ల గీత మాయం. ఎడమ చెంప దగ్గర తెల్ల గీత కూడా పోయింది, కానీ దాని లోపల సన్నగా నల్లటి గీత ఒకటి తేలింది! ఇది ముందు లేదు. ఇంకో పిక్సెల్ కుదిస్తే ఇంకా స్పష్టంగా కనిపిస్తోంది. అటు చీకటి గది కూడా లేదు, ఉన్నది తెల్ల గోడే. ఈ నలుపు ఎక్కడిది?

గౌస్_రీటచ్
ఫోను చేసిన పని. చాలా ఫోన్లు ఫోటో తీయగానే పదును పెడతాయి. పదును అంటే అంచుకు లేత వైపు ఉన్నదాన్ని ఇంకా తెల్లగా, ముదురు వైపు ఉన్నదాన్ని ఇంకా నల్లగా చేయడం. గోడ లేతది, చెంప ముదురు. కాబట్టి గోడ వైపు తెల్ల గీత, చెంప వైపు నల్ల గీత, జంటగా పుట్టాయి. తెల్లది కళ్లకు కొడుతున్నంతసేపు నల్లది కనిపించలేదు. తెల్లదాన్ని కోసేశారు, ఇప్పుడు రెండోది బయటపడింది.

అసలు ఫోటోను, కట్ చేయనిదాన్ని, 400 శాతానికి పెంచి చొక్కా భుజం గోడను ఆనుకున్న చోట చూడండి. అక్కడ మీరు ఏ కటింగూ చేయలేదు. అయినా అదే జంట కనిపిస్తే నేను చెప్పింది నిజం.

స్టూడియో_శీను
చూశాను. ఉంది. భుజం వెంట, కుర్చీ వెంట, గోడకు తగిలించిన క్యాలెండరు చుట్టూ కూడా.

గౌస్_రీటచ్
అయితే ఇంక కుదించవద్దు. ఆ నలుపు మూడు నాలుగు పిక్సెళ్ల లోతు ఉంటుంది, అంతా కోస్తే దవడ సన్నబడి మనిషి మారిపోతాడు. డీఫ్రింజ్ కూడా మోసపోతుంది: లోపలి శుభ్రమైన రంగు అనుకుని ఆ నల్ల పట్టీ రంగునే తెచ్చి అంచుకు పూస్తుంది. మీకు గీత ముదిరినట్టు కనిపించడానికి అదీ ఒక కారణం కావచ్చు.

డీఫ్రింజ్ చేయని నకలుకు వెళ్లండి. / మీట నొక్కి పారదర్శకత తాళం వేయండి. క్లోన్ స్టాంప్ తీసుకుని మోడ్ Lighten, ఆపాసిటీ 30 శాతం దగ్గర పెట్టండి. చెంప మీద అంచుకు పది పిక్సెళ్ల లోపల నమూనా తీసుకుని గీత వెంట నడపండి. Lighten కాబట్టి నమూనా కంటే ముదురుగా ఉన్నవి మాత్రమే మారతాయి, చర్మం మచ్చలు, ముడతలు చాలావరకు నిలుస్తాయి. తెల్ల గీత మిగిలిన చోట మోడ్ Darken చేసుకుని అదే పని. నేను అసలు డీఫ్రింజ్ వాడి చాలా కాలమైంది.

పిక్సెల్_పద్మ
ఇక్కడ గౌస్ గారి మాట నా మాట కంటే ముందు. పదును పెట్టిన ఫోటో అని నేను అడగలేదు. కానీ డీఫ్రింజ్‌ను పూర్తిగా వదిలేయడం ఒప్పుకోను. కెమెరాతో రా ఫైలుగా తీసిన ఫోటో, మన చేతిలో ఉన్న లైటింగు అయితే డీఫ్రింజ్ 1 క్షణంలో తేల్చే పనికి స్టాంప్ పట్టుకుని కూర్చోనక్కరలేదు.

గౌస్_రీటచ్
పోయినవాళ్ల ఫోటోలు రా ఫైళ్లలో ఎవరు తెచ్చిస్తారండీ?

వరంగల్_వాణి
నెత్తి మీద తెల్ల జుట్టు సంగతి ఎవరూ మాట్లాడలేదు. మా నాన్నగారి ఫోటో చేసినప్పుడు నేను అక్కడే ఇరుక్కున్నాను. చెంపలు బాగానే వచ్చాయి, జుట్టు మాత్రం ప్లాస్టిక్ టోపీలా తయారైంది. కుదిస్తే బట్టతల, కుదించకపోతే తెల్ల గీత.

స్టూడియో_శీను
వాణి గారూ, నా తర్వాతి ప్రశ్న అదే. ఈయనదీ పూర్తిగా నెరిసిన జుట్టు, వెనక తెల్ల గోడ.

పిక్సెల్_పద్మ
తెల్ల జుట్టు వెనక తెల్ల గోడ ఉండటం నిజానికి అదృష్టం. అంచు పిక్సెళ్లలో కలిసిన గోడ రంగు జుట్టు రంగుకు దగ్గరగానే ఉంటుంది. అక్కడ గీత కంటికి తగిలేది తెల్లగా ఉన్నందుకు కాదు, తెగకుండా ఒకే వంపులో సాగినందుకు. జుట్టు ఎప్పుడూ అలా ఉండదు. కాబట్టి అక్కడ కుదించకండి, డీఫ్రింజ్ కూడా వద్దు, గీతను ముక్కలు చేయండి.

మాస్క్ మీద నల్ల రంగు, 2 పిక్సెళ్ల బ్రష్. వెంట్రుక ఏ దిక్కుకు పడుకుందో ఆ దిక్కుకే, బయటి నుంచి లోపలికి చిన్న చిన్న గీతలు గీయండి, దూరం సమానంగా ఉండకూడదు. కొన్ని చోట్ల అంచు లోపలికి పోతుంది, కొన్ని చోట్ల పాతదే నిలుస్తుంది. తర్వాత పైన ఖాళీ లేయర్ పెట్టి Alt+Ctrl+Gతో ముఖానికి క్లిప్ చేయండి, మోడ్ Color. జుట్టులోని బూడిద నీడ నుంచి రంగు తీసుకుని, ఆపాసిటీ 15 శాతం దగ్గర పెట్టి, పసుపు తగిలిన చోట్ల మెల్లగా తడమండి. గోడ మీద ఎండ ఉంది కాబట్టి ఆ పసుపు తప్పకుండా ఉంటుంది. మీ స్టూడియో ఫ్లాష్‌లో తీసిన మిగతా ముఖాల పక్కన అదే ముందు పట్టిస్తుంది.

వరంగల్_వాణి
నల్ల జుట్టు, తెల్ల గోడ అయితే?

పిక్సెల్_పద్మ
అది కష్టం. అక్కడ కొంత జుట్టును వదులుకుని, చివర్లు బ్రష్‌తో కొత్తగా గీయవలసిందే. క్లిప్ చేసిన లేయర్ మీద Multiply వాడితే కొంతవరకు దాగుతుంది.

కుంచె_కిరణ్
Select and Maskలో Decontaminate Colors టిక్కు పెడితే ఇదంతా అదే చేస్తుంది. ఎవరూ దాని పేరెత్తలేదు, ఆశ్చర్యంగా ఉంది.

నెల్లూరు_నెగటివ్
జుట్టుకు నేనూ అదే వాడతాను. పరవాలేదు.

గౌస్_రీటచ్
నెరిసిన జుట్టుకు వాడి చూశారా? నాకు నుదుటి గోధుమ రంగును జుట్టు చివర్లకు పూసింది. పెద్దాయన గోరింటాకు పెట్టుకున్నట్టు కనిపించారు.

కుంచె_కిరణ్
కింద Amount అని ఒక మీట ఉంటుంది. 100 పెడితే అలాగే అవుతుంది. నేను 40 దగ్గర ఆపుతాను.

గౌస్_రీటచ్
40 దగ్గర నాకు గీత పోలేదు.

తెనాలి_టచప్
మా అనుభవం కిరణ్ గారిది. నల్ల జుట్టుకు బాగానే ఉంది. నెరిసిన దాని మీద నేను పందెం కాయను.

స్టూడియో_శీను
కళ్లజోడు కూడా ఉంది. సన్నని బంగారు రంగు ఫ్రేము, కాడ కణత దాటి బయటికి వస్తుంది. డీఫ్రింజ్ చేసిన నకలులో కాడ చర్మం రంగులోకి మారిపోయింది.

పిక్సెల్_పద్మ
కాడ వెడల్పు నాలుగు పిక్సెళ్లు ఉంటే, రెండు వైపుల నుంచీ చెరో రెండు పిక్సెళ్లు అంచే. లోపల శుభ్రమైన రంగు మిగలదు, దొరికిన రంగు తెచ్చి పూస్తుంది. కుదిస్తే కాడ మొత్తం పోతుంది. కళ్లజోడును వేరే లేయర్‌గా కట్ చేసి, ఏ కమాండూ వేయకుండా పైన పెట్టండి. అంచు బాగాలేకపోతే కాడను పెన్ టూల్‌తో కొత్తగా గీసుకోండి, నేరుగా ఉన్న చిన్న ముక్కే కదా.

కాలేజీ_గ్రూప్
నాది వేరే గోల. గ్రూప్ ఫోటోలో ఆ రోజు రాని నలుగురి ముఖాలు ఇరికించాలి. ఒక్కో ముఖం 60 పిక్సెళ్ల వెడల్పు. 1 కుదించినా చెవులు పోతున్నాయి.

నెల్లూరు_నెగటివ్
వాళ్ల విడి ఫోటోలు పెద్దవి ఉంటాయి కదా. పెద్దగా ఉన్నప్పుడే కుదించి, డీఫ్రింజ్ చేసి, ఆ తర్వాత చిన్నవి చేయండి. 600 వెడల్పు ముఖంలో రెండు పక్కలా ఒక్కో పిక్సెల్ పోతే ఎవరికీ తెలియదు. 60 వెడల్పులో అదే మూడు శాతం పైమాట, మనిషి పోలిక మారిపోతుంది. చిన్నది చేశాక మిగిలిన గీత కూడా దానంతట అదే సన్నబడుతుంది. తిప్పి చేస్తే కష్టాలు: చిన్న ముఖాన్ని కట్ చేసి పెంచితే గీత కూడా దానితో పాటు పెరుగుతుంది.

కాలేజీ_గ్రూప్
ఇద్దరివి పెద్దవి ఉన్నాయి. మిగతా ఇద్దరివీ పాస్‌పోర్టు ఫోటోను మళ్లీ ఫోనుతో తీసి పంపించారు.

నెల్లూరు_నెగటివ్
ఆ ఇద్దరినీ వెనక వరసలో నిలబెట్టండి.

ల్యాబ్_లక్ష్మణ్
ప్రింటు వైపు నుంచి ఒక మాట. 300 డీపీఐలో ఒక పిక్సెల్ అంటే మిల్లీమీటరులో పన్నెండో వంతు. 400 శాతంలో భయపెట్టే గీత 12×18 ప్రింటులో చాలాసార్లు కనపడదు. కానీ తెగకుండా సాగిన గీత అంత సన్నగా ఉన్నా కనిపిస్తుంది, పద్మ గారు జుట్టు గురించి అన్నది చెంపలకూ వర్తిస్తుంది. ఇంకొకటి, కొన్ని ల్యాబులు ప్రింటుకు ముందు తమ వంతు పదును పెడతాయి. సగం చల్లారిన గీత అక్కడ మళ్లీ లేస్తుంది. ఫైలుతో పాటు పదును వద్దని రాసి పంపించండి.

స్టూడియో_శీను
చెంప స్టాంప్‌తో సర్దుకుంది. చెవి బాగుంది. జుట్టు ముక్కలు చేస్తున్నాను, నుదుటి పైన వరకు వచ్చింది. ఇప్పుడు ఇంకో అనుమానం. ఎడమ కణత మీద వెలుగు ఉంది, గోడ మీది ఎండ తిరిగి పడినది. అది గీత కాదు, వెడల్పుగా ఉంది. మా ఫోటోలో లైటు కుడి నుంచి. దీన్ని తీయాలా?

గౌస్_రీటచ్
అది అంచు సమస్య కాదు, అసలు వెలుగే. డీఫ్రింజ్, కుదింపు దాన్ని తాకవు, ఎంత కోసినా కొత్త అంచు కూడా తెల్లగానే ఉంటుంది. క్లిప్ చేసిన కర్వ్స్‌తో ఆ వైపు దించి, కుడి చెంప ఎత్తాలి. లేదా ముఖాన్ని అద్దంలో చూసినట్టు తిప్పేయండి.

వరంగల్_వాణి
తిప్పవద్దు! ఇంట్లోవాళ్లు వెంటనే పట్టేస్తారు. పాపిట, పుట్టుమచ్చ, కళ్లజోడు వంకర అన్నీ అటుదిటు అవుతాయి.

గౌస్_రీటచ్
పుట్టుమచ్చ ఉంటే వద్దు. లేకపోతే నేను తిప్పుతాను.

స్టూడియో_శీను
పుట్టుమచ్చ ఉంది. కర్వ్స్‌కే వెళుతున్నాను.